గ్లాసులో తేలే ఐసు కరిగితే నీటి మట్టం ఏమవుతుంది?

ఒక గాజు గ్లాసులో అంచు దాకా నీళ్లున్నాయి. నీళ్ల మీద నాలుగు ఐసు ముక్కలు తేలుతున్నాయి. వాటి పైభాగాలు నీటి మట్టం కంటే కాస్త పైకి పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి. ఐసంతా కరిగాక నీరు పొర్లిపోతుందా, మట్టం తగ్గుతుందా, లేక ఉన్నచోటే ఉంటుందా?

ఈ ప్రశ్నకు చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ‘పొర్లుతుంది’ అని. నీటి పైన ఉన్న ఐసు కూడా కరిగి కిందికి చేరుతుంది కాబట్టి ఆ మేరకు నీరు పెరగాలి కదా అన్నది వారి వాదన. కాస్త సైన్సు గుర్తున్నవారు ‘తగ్గుతుంది’ అంటారు. నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుంది, కరిగితే కుంచించుకుపోతుంది, అందువల్ల మట్టం దిగాలన్నది వీరి వాదన. రెండింటిలోనూ సగం నిజం ఉంది. ఆ రెండు సగాలూ ఒకదానినొకటి సరిగ్గా రద్దు చేసుకుంటాయి. మట్టం మారదు.

‘దాదాపుగా మారదు’ అని కాదు, కచ్చితంగానే మారదు. కాకపోతే మూడు షరతులున్నాయి. ఐసు, నీరు రెండూ మంచినీరే కావాలి. ఐసు గ్లాసు అడుగును తాకకుండా స్వేచ్ఛగా తేలుతుండాలి. మట్టాన్ని ముందూ తర్వాతా ఒకే ఉష్ణోగ్రత వద్ద కొలవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా జవాబు మారిపోతుంది. అసలు విషయమంతా ఆ మార్పుల్లోనే ఉంది.

నీటిలో ఐసు చేసే గుంట

తేలే వస్తువు ఏదైనా నీటిలో తనకు కావలసినంత చోటు చేసుకుంటుంది. ఐసు ముక్కను ఒక్క క్షణం మాయం చేసి, నీరు మాత్రం కదలకుండా అలాగే నిలిచిపోయిందని ఊహించండి. ఐసు మునిగి ఉన్న చోట నీటిలో ఒక గుంట మిగులుతుంది. ఆ గుంట ఎంత పెద్దది?

క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో సిరక్యూస్ నగరానికి చెందిన ఆర్కిమెడిస్ దీనికి జవాబు చెప్పాడు. ఆ గుంటను నింపడానికి ఎంత నీరు పడుతుందో, ఆ నీటి బరువు తేలే వస్తువు మొత్తం బరువుకు సమానం. ఇందులో వింతేమీ లేదు. ఐసు రాకముందు ఆ గుంటలో ఉన్నది నీరే. చుట్టూ ఉన్న నీరు తన ఒత్తిడితో దాన్ని కిందికి దిగిపోకుండా మోస్తూ ఉండేది. ఇప్పుడు అదే చుట్టుపక్కల నీరు అదే ఒత్తిడితో ఐసును మోస్తోంది. గుంటలోని నీటి బరువు ఎంతో, అంత బరువునే అది మోయగలదు. ఐసు అంతకంటే బరువైతే ఇంకాస్త దిగి గుంటను పెద్దది చేసుకుంటుంది. తేలికైతే పైకి లేచి గుంటను చిన్నది చేసుకుంటుంది. రెండు బరువులూ సమానమైన చోట ఆగుతుంది.

ఇప్పుడు ఐసును కరగనివ్వండి. కరిగితే బరువు మారదు. 100 గ్రాముల ఐసు 100 గ్రాముల నీరే అవుతుంది. గుంట నిండడానికి కావలసినదీ 100 గ్రాముల నీరే. కరిగిన నీరు గుంటను ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాకుండా నింపేస్తుంది. గ్లాసులోని మిగతా నీటికి ఏదీ జరిగినట్టే ఉండదు.

అంకెలతో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒక్కొక్కటి 25 గ్రాముల చొప్పున నాలుగు ముక్కలు, మొత్తం 100 గ్రాముల ఐసు అనుకుందాం. ఐసు సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 0.917 గ్రాములు. కాబట్టి ఆ ముక్కల ఘనపరిమాణం 100 ÷ 0.917, అంటే సుమారు 109 మిల్లీలీటర్లు. నీటి సాంద్రత మిల్లీలీటరుకు 1 గ్రాము గనుక అవి నీటిలో చేసే గుంట 100 మిల్లీలీటర్లు. మిగిలిన 9 మిల్లీలీటర్లు నీటి పైన పొడుచుకొచ్చి ఉంటాయి.

ఈ 9 మిల్లీలీటర్ల దగ్గర కాస్త ఆగాలి. 100 గ్రాముల నీరు గడ్డకట్టినప్పుడు అది 100 నుంచి 109 మిల్లీలీటర్లకు ఉబ్బింది. ఐసులో నీటి అణువులు ఒకదానితో ఒకటి చేతులు పట్టుకున్నట్టు ఆరు భుజాల అల్లికగా అమరిపోవడం, ఆ అల్లిక మధ్య ఖాళీలు మిగలడం దీనికి కారణం. ఎంత ఉబ్బిందో సరిగ్గా అంతే భాగం నీటి పైన నిలబడింది. కరిగితే ఆ అల్లిక కూలుతుంది, ఉబ్బు పోతుంది. పైన కనిపించే ఐసు కిందికి చేరి నీటిని పెంచుతుందని భయపడేవారు చూస్తున్నది ఆ ఉబ్బునే. కరిగేటప్పుడు ఐసు కుంచించుకుపోతుందని చెప్పేవారు చూస్తున్నదీ ఆ ఉబ్బునే.

ఐసు ముక్క మధ్యలో తెల్లగా కనిపించే గాలి బుడగల వల్ల తేడా వస్తుందా అని కొందరు అడుగుతారు. రాదు. గాలికి చెప్పుకోదగ్గ బరువు లేదు. బుడగలున్న ముక్క మరికాస్త పైకి తేలుతుంది, అంతే. దాని కింది గుంట దాని బరువుకు తగ్గట్టే ఉంటుంది, కరిగాక వచ్చే నీరూ అంతే ఉంటుంది.

ఇంట్లో చేసి చూస్తే

చెప్పడం సులువే గానీ, చేసి చూస్తే ఫలితం కొన్నిసార్లు వేరేగా కనిపిస్తుంది. దానికి కారణం ఆర్కిమెడిస్ కాదు, ప్రయోగం చేసే తీరు.

మొదటి చిక్కు గ్లాసును అంచు దాకా నింపడం. పొర్లుతుందా లేదా చూడటానికి ఇదే మంచి పద్ధతి అనిపిస్తుంది, కానీ కాదు. తలతన్యత వల్ల నీరు అంచు కంటే కొద్దిగా ఉబ్బుగా నిలబడగలదు. మట్టం నిజంగా కాస్త పెరిగినా ఆ ఉబ్బులో కలిసిపోయి బయటకు తెలియదు. పొడవాటి, నిటారు గోడల గ్లాసు తీసుకుని, ముప్పావు వంతు నింపి, బయట ఒక కాగితం పట్టీ అంటించి దాని మీద మట్టం గీయడం మేలు. గీత గీసేటప్పుడు కన్ను నీటి మట్టానికి సమానమైన ఎత్తులో ఉండాలి. గోడ దగ్గర నీరు కాస్త పైకి పాకి ఉంటుంది కాబట్టి ఆ వంపు అడుగు భాగాన్ని చూసి గీయాలి. ఐసు ముక్క గోడకు ఆనుకుని ఉన్న చోట గీత గీయకూడదు.

రెండో చిక్కు గ్లాసు బయట పట్టే తేమ. విజయవాడలోనో చెన్నైలోనో ఉక్కపోతగా ఉన్న రోజున చల్లటి గ్లాసు చుట్టూ నిమిషాల్లో నీటి బిందువులు చేరి, కింద మడుగు కడతాయి. నీరు పొర్లిందని ప్రమాణం చేసి చెప్పేవారిలో చాలామంది చూసింది ఈ మడుగునే. అది గ్లాసులోంచి వచ్చిన నీరు కాదు, గాలిలోని ఆవిరి చల్లబడి చేరిన నీరు. తేల్చుకోవడం తేలిక. గ్లాసులోని నీటిలో రెండు చుక్కల సిరా కలపండి. కింద చేరిన నీటికి రంగు లేకపోతే అది గ్లాసులోది కాదు.

మూడోది వీటన్నిటికంటే ఆసక్తికరం. ఎంతో జాగ్రత్తగా కొలిచినవారికి మట్టం నిజంగానే కొద్దిగా తగ్గినట్టు కనిపిస్తుంది. అది భ్రమ కాదు. 7 సెంటీమీటర్ల వెడల్పున్న గ్లాసులో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 300 గ్రాముల నీరు పోసి, అందులో 100 గ్రాముల ఐసు వేశారనుకుందాం. ఒక గ్రాము ఐసు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి, అంటే మొత్తం 8,000 కేలరీలు. 300 గ్రాముల నీరు 30 నుంచి సున్నా డిగ్రీలకు చల్లబడితే 9,000 కేలరీలు వస్తాయి. అంటే ఐసంతా కరిగిపోయేసరికి, బయటి వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, గ్లాసులో 400 గ్రాముల నీరు రెండున్నర డిగ్రీల వద్ద ఉంటుంది. 30 డిగ్రీల నీటి కంటే ఈ చల్లటి నీరు కాస్త చిక్కన. మొదట సుమారు 401.7 మిల్లీలీటర్లుగా ఉన్న మట్టం ఇప్పుడు 400 దగ్గరికి దిగుతుంది. ఆ గ్లాసులో ఇది దాదాపు అర మిల్లీమీటరు.

అంటే ‘తగ్గుతుంది’ అన్నవారు గెలిచారా? గ్లాసును మూత పెట్టి రెండు మూడు గంటలు పక్కన ఉంచండి. నీరు తిరిగి 30 డిగ్రీలకు రాగానే మట్టం మళ్లీ మొదటి గీత దగ్గరికి చేరుతుంది. తగ్గుదల ఐసు కరగడం వల్ల వచ్చింది కాదు, పోసిన నీరు చల్లబడటం వల్ల వచ్చింది. మూత ఎందుకంటే, ఆ రెండు మూడు గంటల్లో కొంత నీరు ఆవిరైపోకుండా. లేదంటే ఆవిరైన నీటినీ ఐసు ఖాతాలోనే రాసేస్తారు.

గుంట, కరిగిన నీరు సరిపోలకపోతే

గుంట ఎంత, దాన్ని నింపడానికి వచ్చే నీరు ఎంత అన్న ఈ ఒక్క లెక్క పట్టుబడితే మిగతా రకాలన్నీ అదే తాళంచెవితో తెరుచుకుంటాయి.

ఐసు గడ్డకట్టేటప్పుడు అందులో రెండు గాజు గోలీలు వేశారనుకోండి. గోలీలు రెండూ కలిపి 10 గ్రాములు, 4 మిల్లీలీటర్లు. ఐసు మునుపటిలాగే 100 గ్రాములు, 109 మిల్లీలీటర్లు. మొత్తం బరువు 110 గ్రాములు, ఘనపరిమాణం 113 మిల్లీలీటర్లు. కాబట్టి ముక్క ఇంకా తేలుతుంది, కానీ అంతంతమాత్రంగా. ఇంకొంచెం బరువు పెడితే మునిగిపోతుంది. తేలుతున్నప్పుడు అది చేసే గుంట 110 మిల్లీలీటర్లు, ఎందుకంటే గోలీల బరువును కూడా నీరే మోస్తోంది. ఐసు కరిగాక గోలీలు అడుగుకు జారిపోతాయి. ఇప్పుడు గుంటను నింపడానికి ఉన్నవి 100 మిల్లీలీటర్ల నీరు, 4 మిల్లీలీటర్ల గోలీలు, మొత్తం 104. గుంటకు 6 మిల్లీలీటర్లు తక్కువ. మన గ్లాసులో మట్టం ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గుతుంది. తేలుతున్నంతసేపు గోలీలు తమ బరువుకు తగినంత నీటిని పక్కకు నెట్టాయి. మునిగాక తమ పరిమాణానికి తగినంతే నెట్టగలవు. తేడా అక్కడ వచ్చింది. గోలీలకు బదులు బెండు ముక్క పెడితే మట్టం మారదు, ఎందుకంటే ఐసు కరిగాక కూడా బెండు తేలుతూనే తన బరువును నీటి మీదే మోపుతుంది.

ఐసు అడుగును తాకితే ఇంకో కథ. 6 సెంటీమీటర్ల వెడల్పున్న టంబ్లరులో నీరు గడ్డకట్టించి, 200 గ్రాముల ఐసు దిమ్మను బయటకు తీసి, మన 7 సెంటీమీటర్ల గ్లాసులో నిలబెట్టండి. చుట్టూ 30 మిల్లీలీటర్ల నీరు పోయండి. దిమ్మకూ గోడకూ మధ్య ఉన్న సన్నటి సందులో ఆ కాస్త నీరే 3 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. దిమ్మ తేలాలంటే 7 సెంటీమీటర్ల లోతు కావాలి, కాబట్టి అది అడుగున కూర్చునే ఉంటుంది. నీటిలో దాని గుంట 83 మిల్లీలీటర్లు మాత్రమే. అంటే నీరు మోస్తున్నది 83 గ్రాములు. మిగిలిన 117 గ్రాముల బరువును గ్లాసు అడుగు మోస్తోంది. కరిగితే 200 మిల్లీలీటర్ల నీరు వస్తుంది, గుంటలో పట్టేది 83. మిగతా 117 మిల్లీలీటర్లు మట్టాన్ని 3 సెంటీమీటర్ల నుంచి 6 సెంటీమీటర్లకు పెంచేస్తాయి.

ఇందులో గమనించదగ్గది మరొకటి ఉంది. దిమ్మ కరుగుతూ ఉంటే ఒక దశలో చుట్టూ నీరు చాలినంత చేరి, దిమ్మ అడుగు నుంచి లేచి తేలుతుంది. ఆ క్షణం దాకానే మట్టం పెరుగుతుంది. తేలిన తర్వాత, మిగిలిన ఐసు ఎంత ఉన్నా సరే, అది కరగడం వల్ల మట్టం ఇక మారదు. ఐసు తేలుతోందో లేదో చూడటానికి వేలితో పై నుంచి మెల్లగా నొక్కితే చాలు. తేలే ఐసు కిందికి దిగి, వేలు తీయగానే మళ్లీ పైకి వస్తుంది. అడుగున కూర్చున్నది కదలదు.

ఉప్పునీరు

ఇక మొదటి షరతు. సముద్రపు నీటి సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.025 గ్రాములు. ఇందులో 100 గ్రాముల మంచినీటి ఐసు తేలితే, దాని బరువును మోయడానికి 97.6 మిల్లీలీటర్ల గుంట చాలు. కరిగితే వచ్చేది మంచినీరు, 100 మిల్లీలీటర్లు. గుంట నిండిపోయి ఇంకా 2.4 మిల్లీలీటర్లు మిగులుతుంది. మట్టం పెరుగుతుంది.

కానీ మన గ్లాసులో ఈ పెరుగుదల 0.6 మిల్లీమీటరే. నీరు చల్లబడటం వల్ల వచ్చే అర మిల్లీమీటరు తగ్గుదల దీన్ని దాదాపు మింగేస్తుంది. సముద్రపు నీరు తెచ్చి ప్రయోగం చేసి, ఏమీ మారలేదని తేల్చేవారికి జరిగేది ఇదే. అందుకే ఇంట్లో చూడాలంటే ఉప్పు గట్టిగా వేయాలి. 300 మిల్లీలీటర్ల నీటిలో 100 గ్రాముల ఉప్పు కరిగించండి. ఆ నీటి సాంద్రత 1.19 దాకా వస్తుంది. ఐసు అందులో బాగా పైకి తేలుతుంది, గుంట 84 మిల్లీలీటర్లే. నీరు గది ఉష్ణోగ్రతకు వచ్చాక కొలిస్తే మట్టం సుమారు 4 మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది. ఇది కంటికి స్పష్టంగా కనిపించేంత తేడా. ఈ ప్రయోగంలో ఐసు మామూలు నీటిలో కంటే నెమ్మదిగా కరుగుతున్నట్టు కూడా తెలుస్తుంది. కరిగిన మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి పైనే పొరగా నిలిచి, కింది నీటి వేడి ఐసును త్వరగా చేరకుండా అడ్డుపడుతుంది.

గ్లాసు నుంచి అంటార్కిటికాకు

సముద్రంపై తేలే మంచుకు ఈ లెక్కలన్నీ వర్తిస్తాయి. అంటార్కిటికా తీరం వెంట ఖండం మీది మంచు సముద్రంలోకి జారి, వందల మీటర్ల మందం గల ఫలకాలుగా నీటిపై తేలుతూ ఉంటుంది. 1983-84లో భారతదేశం అంటార్కిటికాలో కట్టిన తొలి పరిశోధన కేంద్రం దక్షిణ గంగోత్రి అలాంటి తేలే మంచు ఫలకం మీదే నిలిచింది. ఏటా కురిసే మంచులో అది క్రమంగా కూరుకుపోవడంతో దాన్ని వదిలేసి, గట్టి నేల మీద మైత్రి కేంద్రాన్ని కట్టారు.

ఈ ఫలకాలు కురిసిన మంచు గట్టిపడి ఏర్పడినవి, కాబట్టి ఇవి మంచినీటి ఐసే. కింద ఉన్నది ఉప్పునీరు. అంటే మన మొదటి షరతు ఇక్కడ తప్పింది. తేలే మంచు కరిగితే సముద్ర మట్టం మారదని బడిలో చెప్పే మాట పూర్తిగా నిజం కాదు. అయితే ఎంత తేడా? భూమి మీద తేలుతున్న మంచంతా, ఫలకాలూ సముద్రపు మంచూ కలిపి, కరిగిపోతే సముద్ర మట్టం సుమారు 4 సెంటీమీటర్లు పెరుగుతుందని 2007లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. సున్నా కాదు గానీ, పెద్ద అంకె కూడా కాదు. గ్రీన్‌లాండ్ నేల మీద నిలిచి ఉన్న మంచు కరిగితే మట్టం 7 మీటర్లకు పైగా పెరుగుతుంది. ఆ మంచు గ్లాసు బయట ఉన్న ఐసు లాంటిది. దానికి నీటిలో గుంటే లేదు, కరిగి చేరే ప్రతి చుక్కా కొత్త నీరే. హిమాలయాల హిమానీనదాలదీ ఇదే సంగతి.

2002లో జరిగిన ఒక ఘటనకు ఈ లెక్క వేసి చూడవచ్చు. ఆ ఏడాది జనవరి చివర మొదలై ఐదారు వారాల్లో అంటార్కిటికా ద్వీపకల్పం తూర్పు తీరాన లార్సెన్-బి అనే మంచు ఫలకం ముక్కలు ముక్కలైపోయింది. విరిగిన భాగం దాదాపు 3,250 చదరపు కిలోమీటర్లు, మందం సుమారు 220 మీటర్లు, బరువు సుమారు 72 వేల కోట్ల టన్నులు. ఇదంతా కరిగితే 720 ఘన కిలోమీటర్ల మంచినీరు వస్తుంది. ఉప్పునీటిలో దాని గుంట సుమారు 701 ఘన కిలోమీటర్లు. మిగులు 19. ప్రపంచ సముద్రాల వైశాల్యం సుమారు 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. దాని మీద ఈ 19 ఘన కిలోమీటర్లను పరిస్తే వచ్చే ఎత్తు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అదే మంచు నేల మీద ఉండి సముద్రంలో కలిసి ఉంటే 2 మిల్లీమీటర్లు పెరిగేది, అంటే నలభై రెట్లు.

మరి ఆ ఫలకం కూలినందుకు శాస్త్రవేత్తలు ఎందుకంత కలవరపడ్డారు? తేలే ఫలకం తన వెనక నేల మీద ఉన్న మంచుకు తలుపు కింద పెట్టిన అడ్డుచెక్కలా పని చేస్తుంది. పక్కనున్న కొండలకూ తీరం మలుపులకూ ఒరుసుకుంటూ, పైనుంచి జారి వచ్చే హిమానీనదాల వేగాన్ని అది అదుపు చేస్తుంది. లార్సెన్-బి పోయిన తర్వాతి ఏడాదికే దాని వెనక ఉన్న హెక్టోరియా, గ్రీన్, ఎవాన్స్ హిమానీనదాలు మునుపటి కంటే కొన్ని రెట్ల వేగంతో సముద్రంలోకి జారసాగాయి. ఫలకం ఇంకా నిలిచి ఉన్న చోట పక్కనే ఉన్న హిమానీనదాలు మాత్రం అలా వేగం పెంచలేదు. కరిగిపోయిన ఫలకం తన గుంటను తానే దాదాపు నింపుకుంది. దాని వెనక నుంచి వచ్చి చేరిన మంచు మాత్రం అంతవరకూ నేల మోస్తున్న మంచు. నేల మీద నుంచి సముద్రంలోకి దిగి, తేలడం మొదలుపెట్టిన రోజునే అది మట్టాన్ని పెంచేసింది. ఆ తర్వాత అది కరిగినా కరగకపోయినా వచ్చే తేడా స్వల్పమే. గ్లాసులో ఐసు ముక్కను వేసిన క్షణంలోనే నీరు పైకి లేస్తుంది, కరిగేటప్పుడు కాదు.